ట్రాక్టర్ నల్లపొగ వదులుతూ లోడు లాగకపోతే: పంపు విప్పించే ముందు పొలంలోనే చేయాల్సిన పరీక్షలు

వేసవి దుక్కుల్లో, తొలకరి దమ్ముల్లో మా వైపు ట్రాక్టర్లకు ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇదే. రోడ్డు మీద బాగానే పోతుంది, ఖాళీగా రేస్ ఇస్తే గొంతు బాగానే ఉంటుంది. రోటావేటర్ నేలలోకి దించగానే పొగగొట్టం నల్లగా కక్కుతుంది, ఇంజిన్ దిగిపోతుంది. డ్రైవరు మొదట అడిగే మాట, "ఏటి మేస్త్రీ, పంపు విప్పాలా?" అని. చాలాసార్లు అక్కర్లేదు. డీజిల్ పంపు జోలికి వెళ్ళకముందు పొలంలోనే ఒక వరుసలో చూసుకోవాల్సినవి ఉన్నాయి. ముందు లోడు, తర్వాత గాలి, ఆ తర్వాత ఇంజెక్టర్లు, అన్నిటికంటే చివర టైమింగ్. ఈ వరుస తిరగబడితే డబ్బూ పోతుంది, అదునూ పోతుంది.

నల్లపొగ అంటే ఏమిటి

నల్లపొగ సగం కాలిన డీజిల్. అందులో నల్లగా కనబడేది మసి. ఒక లీటరు డీజిల్ పూర్తిగా కాలాలంటే లెక్క ప్రకారం సుమారు 10 వేల లీటర్ల గాలి కావాలి. ఇంజిన్ లోపల డీజిల్, గాలి కలవడానికి దొరికే సమయం చాలా తక్కువ కాబట్టి, పొగ లేకుండా నడవాలంటే నిజానికి అంతకంటే ఎక్కువ గాలే ఉండాలి. కట్టెల పొయ్యిలో గాలి ఆడకుండా కట్టెలు కూరితే పొగ ఎలా వస్తుందో ఇదీ అంతే.

కాబట్టి నల్లపొగ కనబడితే అడగాల్సిన ప్రశ్నలు మూడే. డీజిల్ ఎక్కువ పడుతోందా? గాలి తక్కువ అందుతోందా? రెండూ సరిపోయినా సరిగా కలవడం లేదా, తప్పు సమయంలో కలుస్తున్నాయా? మొదటిదానికి కారణం ఎక్కువగా అధిక లోడు. రెండోదానికి మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్. మూడోదానికి ఇంజెక్టర్లు, టైమింగ్.

ఇక్కడే ఒక తేడా గుర్తుపట్టాలి. డీజిల్ ఫిల్టర్ మూసుకుపోయినా, ట్యాంకు నుంచి వచ్చే పైపులో గాలి చేరినా బండి లాగదు. కానీ అప్పుడు నల్లపొగ రాదు, ఎందుకంటే అక్కడ తక్కువ పడుతున్నది డీజిలే. పొగ లేకుండా బలం తగ్గితే డీజిల్ లైను చూడండి. పొగతో పాటు బలం తగ్గితే ఈ వ్యాసం చదవండి. నీలం పొగ ఇంజిన్ ఆయిల్ కాలడం. వేడెక్కిన తర్వాత కూడా తెల్లపొగ ఆగకపోతే కాలని డీజిల్ గానీ, లోపలికి చేరుతున్న నీళ్ళు గానీ కారణం. వాటి దారులు వేరు.

ఇంకొక మాట. లోడు హఠాత్తుగా పడినప్పుడు, లేదా రేస్ ఒక్కసారి తొక్కినప్పుడు ఒక పొగ గుప్పున వచ్చి ఆగిపోవడం పాత రకం పంపు ఉన్న ఇంజిన్లలో మామూలే. పట్టించుకోవాల్సింది ఒకే లోతులో, ఒకే గేర్లో సాలు పొడవునా ఆగకుండా వచ్చే నల్లపొగ.

ముందు తేల్చుకోవాల్సింది: దిగిపోతున్నది ఇంజినేనా?

"లాగడం లేదు" అనే ఒక్క మాట వెనక మూడు వేర్వేరు జబ్బులు ఉంటాయి. ఇంజిన్ దిగిపోవచ్చు, క్లచ్ జారవచ్చు, చక్రం జారవచ్చు. ఈ మూడింటినీ సీట్లో కూర్చునే వేరు చేయొచ్చు.

ఆర్‌పీఎం ముల్లు చూడండి, ఇంజిన్ గొంతు వినండి. లోడు పడగానే ముల్లు కిందికి పడి గొంతు బరువెక్కితే దిగుతున్నది ఇంజినే. ముల్లు కదలకుండా గొంతు అలాగే ఉండి, ట్రాక్టర్ మాత్రం నెమ్మదించి కాలిన వాసన వస్తే క్లచ్ జారుతోంది. ముల్లు పెద్దగా పడదు, చక్రం తిరుగుతూనే ఉంటుంది, బండి ముందుకు పోదు, టైరు కింద గుంట పడుతుంది అంటే జారుతున్నది చక్రమే. వంశధార ఆయకట్టు బంకమట్టిలో వాన పడిన మర్నాడు దున్నితే ఇది తప్పదు.

చక్రం జారుడు ఎంతో కొలవాలంటే టైరు పక్కన సున్నంతో ఒక గీత పెట్టండి. లోడు లేకుండా 10 చుట్లకు బండి ఎంత దూరం పోతుందో కొలవండి. తర్వాత పనిలో అదే గేర్లో, అదే నేల మీద 10 చుట్లకు కొలవండి. మొదటిది 40 మీటర్లు, రెండోది 35 మీటర్లు వచ్చిందనుకుంటే 5 మీటర్లు జారుడులో పోయింది, అంటే నూటికి పన్నెండున్నర. గట్టి నేలలో దున్నేటప్పుడు 10 నుంచి 15 శాతం జారుడు ఫర్వాలేదు. దానికంటే బాగా ఎక్కువైతే టైరు అరుగుదల, వెనక చక్రాల బరువు, టైర్లలో నీళ్ళు, గాలి ఒత్తిడి చూసుకోవాలి. ఇంజిన్‌ని తప్పుపట్టనక్కర్లేదు.

నల్లపొగ వస్తూ ముల్లు పడుతోందంటే దిగుతున్నది ఇంజినే. ఇక ముందుకు పోదాం.

మొదటి మెట్టు: లోడు తీసి చూడండి

నల్లపొగతో వచ్చే బళ్ళలో ఎక్కువ వాటికి ఉన్న జబ్బు ఇదే. ట్రాక్టర్ బాగానే ఉంటుంది, దాని నెత్తిన పెట్టిన పని ఎక్కువ. ఇది ఒప్పుకోవడానికి యజమానికి మనసు రాదు. పోయిన ఏడాది ఇదే బండి ఇదే రోటావేటర్‌ని లాగిందంటాడు. పోయిన ఏడాది నేలలో తడి వేరు, ఈ ఏడాది వేరు. బ్లేడ్లు అప్పుడు కొత్తవి, ఇప్పుడు అరిగాయి.

లోడు పెరిగినప్పుడు ఇంజిన్‌లో జరిగేది ఇది. చక్రాలు, పనిముట్టును తిప్పే పీటీవో బిగుసుకోగానే ఇంజిన్ వేగం పడుతుంది. పంపులోని గవర్నర్ ఆ పడిపోయిన వేగాన్ని తిరిగి తేవడానికి డీజిల్ పెంచుతుంది. లోడు ఇంకా ఎక్కువైతే గవర్నర్ ఇవ్వగలిగినంతా ఇచ్చేస్తుంది. అయినా వేగం పడుతూనే ఉంటుంది. నెమ్మదించిన ఇంజిన్‌లోకి గాలి ఊపు తగ్గి డీజిల్‌తో బాగా కలవదు. టర్బో ఉన్న బండిలో టర్బో కూడా నీరసిస్తుంది. ఆ మిగిలిపోయిన డీజిలే మసిగా బయటికి వస్తుంది.

పరీక్ష సులువే. పని చేసే రేస్‌లో హ్యాండ్ త్రాటిల్ పెట్టి, పనిముట్టు ఎత్తి ఉంచి ముల్లు ఎక్కడుందో చూడండి. అక్కడ 2000 ఉందనుకుందాం. ఇప్పుడు రోజూ దున్నే లోతులో దించి, సాలు మధ్యలో ముల్లు నిలకడగా ఎక్కడుందో చూడండి. 1700, 1800 మధ్య నిలిస్తే లోడు సరిపోయింది. 1600 కంటే కిందికి పోతే లోడు మార్చాలి. మొత్తమ్మీద ఖాళీ వేగంలో పదో వంతు నుంచి ఏడో వంతు వరకు పడితే భయం లేదు. ఐదో వంతు దాటితే ఇంజిన్‌ని పీకుతున్నట్టే.

ఇప్పుడు ఒక్కొక్కటీ మార్చి చూడాలి. రెండు మూడు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. మొదట లోతు మార్చండి. పనిముట్టు మీద పడే ఈడ్పు దాదాపు లోతుతో పాటే పెరుగుతుంది. 4 అంగుళాల నుంచి 6 అంగుళాలకు దిగితే ఒకటిన్నర రెట్లు భారం. లోతు పెరిగేకొద్దీ కింద గట్టి పొర తగిలితే అంతకంటే ఎక్కువే. దుక్కి 6 అంగుళాలు కావాలంటే ఒకే సాలులో కాకుండా రెండు సాళ్ళలో తీసుకోవాలి. రెండో సాలుకి మట్టి వదులుగా ఉంటుంది, ఇంజిన్‌కి భారం తగ్గుతుంది.

తర్వాత గేర్. రోటావేటర్‌తో దున్నేవాళ్ళు ఎక్కువమంది ఇక్కడే పొరబడతారు. పొగ వస్తోందని రేస్ తగ్గిస్తారు. రేస్ తగ్గిస్తే ట్రాక్టర్ నడకా తగ్గుతుంది, పీటీవో తిరుగుడూ అదే నిష్పత్తిలో తగ్గుతుంది. కాబట్టి ఒక్కో బ్లేడు తవ్వి తీసే మట్టి ముక్క మందం మారదు. పైగా బ్లేడు దెబ్బ బలం తగ్గి గడ్డలు మిగులుతాయి. ముక్క పలచబడాలంటే పీటీవో అదే వేగంతో తిరుగుతూ నడక మాత్రం తగ్గాలి. అంటే ఒక గేర్ కిందికి దించాలి. రేస్ అలాగే ఉంచి లో రెండు నుంచి లో ఒకటికి మారండి. నిమిషానికి దున్నే నేల కొంచెం తగ్గుతుంది, మడి మాత్రం ఒకేసారికి మెత్తగా వస్తుంది.

మూడోది వెడల్పు. రోటావేటర్‌కి అడుగుకి 7, 8 హెచ్‌పీ చొప్పున లెక్క వేసుకోవడం ఒక మోటు కొలత. 35 నుంచి 45 హెచ్‌పీ బండికి 5 అడుగులది సరిపోతుంది. 6 అడుగులది కావాలంటే 45 దాటాలి. మరో సంగతి, ట్రాక్టర్ బిల్లు మీద రాసిన హెచ్‌పీ మొత్తం పీటీవో దగ్గరికి రాదు. అక్కడ దొరికేది సుమారు 85 శాతమే.

కల్టివేటర్‌తో, రెక్క నాగలితో దున్నేటప్పుడు హైడ్రాలిక్ లివర్లు రెండూ ఎందుకున్నాయో డ్రైవరుకి తెలిసి ఉండాలి. పొజిషన్ లివర్ పనిముట్టును ఒక ఎత్తులో పట్టి ఉంచుతుంది. డ్రాఫ్ట్ లివర్ ఈడ్పు ఎక్కువైనప్పుడు తానే కొంచెం ఎత్తి, తగ్గగానే దించుతుంది. ఒక పక్క ఇసుక, ఒక పక్క బంక ఉన్న మడిలో డ్రాఫ్ట్ మీద పెడితే ముల్లు నిలకడగా ఉంటుంది. మా వైపు చాలా బళ్ళలో ఆ రెండో లివర్ ఒకే చోట తుప్పు పట్టి ఉంటుంది.

దమ్ములో మరో రకం భారం. మడిలో నీళ్ళు చాలకపోతే మట్టి జిగురుగా మారి కేజ్ వీల్స్‌ని పట్టేస్తుంది. రెండు మూడు అంగుళాల నీళ్ళు నిలిస్తే అదే మడి సులువుగా దమ్మవుతుంది. కాలువ నీళ్ళు రాలేదని తక్కువ నీళ్ళతో దమ్ముకి దిగితే, ఆ రోజు డీజిల్ మంటా, క్లచ్ మంటా తప్పవు.

లోతు, గేర్, వెడల్పు సరిచేయగానే పొగ పోయిందంటే ఇక్కడితో పని అయిపోయింది. ఏదీ విప్పనక్కర్లేదు. లోడు తగ్గించినా నల్లపొగ ఉంటే రెండో మెట్టు.

రెండో మెట్టు: గాలి

విజయనగరం మెట్ట ప్రాంతాల ఎర్రనేలలో వేసవి దుక్కి అంటే దుమ్ములోనే ఇంజిన్ ఊపిరి. సంక్రాంతి ముందు కళ్ళాల్లో నూర్పు యంత్రం నడిపేటప్పుడు దుమ్ము కంటే పొట్టు ఎక్కువ. ఆ పొట్టు గాలి తీసుకునే మూతకి, రేడియేటర్ జాలీకి పట్టేస్తుంది. కాబట్టి బండి నూర్పు పని చేసి నేరుగా దుక్కికి వస్తే మొదట ఆ రెండూ తుడవండి. గాలి గొట్టం తల మీది గిన్నెలో చేరిన పొట్టు, ఆకులు తీసేయండి.

ఇంజిన్ ఆపండి. తర్వాత మీ బండిలో ఏ రకం ఫిల్టర్ ఉందో చూడండి.

ఆయిల్ బాత్ రకం అయితే, ఆపిన వెంటనే కింది గిన్నె తీయకండి. పావుగంట ఆగితే జాలీలో ఉన్న ఆయిల్ కిందికి కారుతుంది. తర్వాత గిన్నె విప్పి వేలు పెట్టి అడుగు తడమండి. అడుగున అర అంగుళం మందం బురద పేరుకుంటే, లేదా ఆయిల్ చిక్కగా లేహ్యంలా మారితే మార్చాల్సిందే. గిన్నెను డీజిల్‌తో కడిగి, బట్టతో తుడిచి, ఇంజిన్‌లో పోసే గ్రేడు ఆయిలే గీత వరకు పోయండి. గీత దాటి పోయొద్దు. ఎక్కువైన ఆయిల్‌ని ఇంజిన్ పీల్చుకుంటుంది. అప్పుడు నీలం పొగ వస్తుంది, ఎక్కువ పీలిస్తే రేస్ తగ్గించినా తగ్గకుండా ఇంజిన్ పరిగెత్తే ప్రమాదమూ ఉంది. గీతకి తక్కువైతే దుమ్ము పట్టదు, నేరుగా సిలిండర్‌లోకి పోతుంది. పైన ఉన్న తీగ జాలీ కూడా మరిచిపోవద్దు. గిన్నె రోజూ మార్చి జాలీని ఏళ్ళ తరబడి కడగని బళ్ళు చాలా ఉన్నాయి. జాలీ తీయగలిగే రకమైతే డీజిల్‌లో ముంచి ఆడించి, బాగా కారనిచ్చి బిగించండి. దుమ్ము పనిలో ఈ గిన్నె చూడటం రోజువారీ పని.

కాగితం ఎలిమెంట్ ఉన్న డ్రై రకంలో బయట పెద్దది, లోపల చిన్నది రెండు ఉంటాయి. చాలా బళ్ళలో గాలి అడ్డు ఎక్కువైతే ఎర్రగా కనబడే సూచిక ఉంటుంది. అది ఎర్రబడితే మరో ఆలోచన అక్కర్లేదు. ఫిల్టర్ డబ్బా అడుగున ఉన్న రబ్బరు ముక్కును నొక్కి దుమ్ము వదలండి. అది చినిగిపోయినా, పోయినా కొత్తది వేయండి. పెద్ద ఎలిమెంట్‌ని గాలితో శుభ్రం చేయొచ్చు, కానీ ఎప్పుడూ లోపలి నుంచి బయటికి కొట్టాలి. ఒత్తిడి 30 పీఎస్‌ఐకి మించకూడదు. టైర్ల షాపు కంప్రెసర్ గన్ పూర్తిగా నొక్కితే దానికంటే ఎన్నో రెట్లు వస్తుంది. దగ్గరగా పెట్టి కొడితే కాగితానికి కంటికి కనబడని చిల్లులు పడతాయి. డీజిల్‌తో, పెట్రోల్‌తో కడగొద్దు. చక్రానికేసి బాదొద్దు. అంచు వంగితే అక్కడ నుంచే దుమ్ము దూరుతుంది. శుభ్రం చేశాక చీకటి గదిలో లోపల ఒక బల్బు పెట్టి బయటి నుంచి చూడండి. ఎక్కడైనా చుక్కలా వెలుగు కనబడితే ఆ ఎలిమెంట్ పారేయండి. లోపలి చిన్న ఎలిమెంట్‌ని ఊదకూడదు, మార్చడమే.

తర్వాత ఫిల్టర్ నుంచి ఇంజిన్‌కి పోయే రబ్బరు గొట్టం విప్పి లోపల వేలితో రుద్దండి. వేలికి ఎర్రదుమ్ము అంటితే ఫిల్టర్ మీద పెట్టిన శ్రమంతా వృథా అవుతోంది, ఎక్కడో చీలిక ఉంది లేదా క్లిప్పు వదులుగా ఉంది. ఇలా చొరబడిన దుమ్ము వల్ల పొగ రాదు, లైనర్లు, రింగులు అరిగిపోతాయి. అందుకే ఇది చాలా ఆలస్యంగా బయటపడుతుంది. టర్బో ఉన్న బండి అయితే టర్బో నుంచి ఇంజిన్ వైపు పోయే గొట్టం చూడండి. అక్కడ పగిలితే లోడు మీద బుస్సుమనే శబ్దం, దాంతో పాటే నల్లపొగ.

ఫిల్టర్ మూసుకుపోయిందో లేదో ఖాళీ రేస్‌లో తెలియదు. సగం మూసుకున్నా ఖాళీగా నడవడానికి గాలి చాలుతుంది. లోడు మీద డీజిల్ ఎక్కువ పడుతుంది, అది కాలడానికి ఆ గాలి చాలదు. కాబట్టి అనుమానం తీరాలంటే కొత్త ఎలిమెంట్ పెట్టి, అదే మడిలో, అదే లోతులో, అదే గేర్లో ముల్లు, పొగ చూడండి. ఫిల్టర్ తీసేసి దుక్కిలో నడిపి చూడటం మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. ఒక్క సాలు చాలు, లైనర్లు గీతలు పడతాయి.

వానాకాలం నెలల తరబడి ఊరకే నిలిపిన బండి అయితే పొగగొట్టం కూడా చూడండి. మసి పేరుకుపోయి, లేదా లోపల కందిరీగలు మట్టి గూడు కట్టి గొట్టం ఇరుకైతే కాలిన గాలి పోదు, కొత్త గాలి రాదు. దానికీ పొగ నల్లగానే ఉంటుంది.

మూడో మెట్టు: ఇంజెక్టర్లు

లోడు సరిచేశారు, గాలి సరిచేశారు. అయినా పొగ పలచబడి మిగిలింది, ఇంజిన్ ఖాళీగా నడుస్తున్నప్పుడూ కొంచెం కుంటుతోంది అంటే ఇంజెక్టర్ మీద అనుమానం పెట్టండి. ఇంజెక్టర్ మంచిదైతే డీజిల్‌ని మంచులా చిమ్ముతుంది, ఆగాక చుక్క కారదు. నాజిల్ అరిగితే ధారగా పోస్తుంది. ఆ ధార కాలదు, మసి అవుతుంది, పిస్టన్ తల మీద పడి దాన్నీ కాలుస్తుంది.

ఏ సిలిండర్‌దో తెలుసుకోవడానికి మెకానిక్కులు చేసే పని ఇది. ఇంజిన్ వేడెక్కాక తక్కువ వేగంలో ఉంచి, ఒక్కో ఇంజెక్టర్ పైపు నట్టును స్పానర్‌తో కొద్దిగా వదులు చేస్తారు. వదులు చేయగానే ఇంజిన్ కుంటితే ఆ సిలిండర్ పనిచేస్తోంది. ఏ తేడా లేకపోతే ఆ సిలిండర్‌లో లోపం ఉంది. పొగ తగ్గిందంటే ఆ ఇంజెక్టరే ధార పోస్తోంది. చేతికి దళసరి గ్లవ్స్, కళ్ళకు అద్దాలు లేకుండా ఇది చేయొద్దు. డీజిల్ చిమ్మే చోట వేలు పెట్టి చూడొద్దు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మం లోపలికి దూరుతుంది, చూడటానికి చిన్న పోటులా ఉన్నా వెంటనే ఆసుపత్రికి పోకపోతే చేయి పోయేంత ప్రమాదం.

ఇది పాత రకం పంపు ఉన్న బళ్ళకే. 2023 జనవరి నుంచి 50 హెచ్‌పీ పైబడిన కొత్త ట్రాక్టర్లకు కఠినమైన ఉద్గార నియమాలు వచ్చాయి. వాటిలో చాలావాటికి కామన్ రైల్, అంటే ఇంజెక్టర్లన్నిటికీ ఒకే గొట్టంలో చాలా ఎక్కువ ఒత్తిడితో డీజిల్ నిలిపి ఉంచే ఏర్పాటు ఉంటుంది. కామన్ రైల్ పైపు నట్టును నడుస్తున్న ఇంజిన్ మీద ఎప్పుడూ వదలకూడదు. అక్కడ పరీక్ష కంపెనీ సర్వీసు వాళ్ళ స్కానర్‌తోనే.

విప్పిన ఇంజెక్టర్‌ని బెంచి మీద పెట్టించేటప్పుడు పక్కనే నిలబడి చూడండి. ఎన్ని బార్ల దగ్గర తెరుచుకుంది, చిమ్మే తీరు ఎలా ఉంది, ఆపాక కొన చుక్క కడుతోందా అన్న మూడూ చూపించమనండి. ఎన్ని బార్లు ఉండాలన్నది మీ ఇంజిన్ పుస్తకంలో ఉన్న అంకె ప్రకారమే. పక్క బండి అంకె పనికిరాదు. తిరిగి బిగించేటప్పుడు ఇంజెక్టర్ కింద రాగి వాషర్ కొత్తది వేయించండి.

చివరి మెట్టు: టైమింగ్

టైమింగ్ అంటే పిస్టన్ పైకి చేరడానికి ఎన్ని డిగ్రీల ముందు డీజిల్ చిమ్మడం మొదలవ్వాలో ఆ లెక్క. ఆలస్యమైతే డీజిల్ కాలడానికి సమయం చాలదు, పిస్టన్ దిగుతుండగా కాలుతుంది. బలం తగ్గుతుంది, లోడు మీద నల్లపొగ వస్తుంది, పొగగొట్టం మొదలు అంటే మానిఫోల్డ్ మామూలు కంటే ఎక్కువ కాగుతుంది. పొద్దున్నే స్టార్ట్ కావడం కష్టమై తెల్లపొగ కూడా కనబడుతుంది. ముందుకు జరిగితే శబ్దం వేరు. గట్టి ఇనుప దెబ్బలా కట కట అంటుంది, స్టార్టర్ తిప్పుతుంటే వెనక్కి తన్నినట్టుంటుంది. శబ్దం విన్నాక రెండింటినీ ఎవరూ పొరబడరు.

గుర్తుంచుకోవాల్సింది, టైమింగ్ తనంతట తాను పెద్దగా కదలదు. పంపు విప్పి బిగించినా, పంపు ఫ్లాంజ్ బోల్టులు వదులైనా, గేర్లు చాలా అరిగినా మారుతుంది. పంపు ఎవరూ ముట్టుకోని బండికి నిన్నటి వరకు బాగుండి ఇవాళ నల్లపొగ వస్తే అది టైమింగ్ కాదనే అనుకోండి. ఈమధ్యే పంపు రిపేరు అయి, ఆ తర్వాతే లాగడం తగ్గిందంటే మాత్రం మొదట అనుమానించాల్సింది ఇదే.

చూసే పద్ధతి ఇది. ఒకటో సిలిండర్‌ని కంప్రెషన్ మీద పైకి తెచ్చి, ఫ్లైవీల్ కిటికీలో గుర్తు చూస్తారు. లైన్ పంపు అయితే ఒకటో సిలిండర్ గొట్టం తీసి, డెలివరీ వాల్వ్ స్ప్రింగ్ తీసి, వంపు గొట్టం పెట్టి, ఇంజిన్‌ని చేత్తో మెల్లగా తిప్పుతారు. కారుతున్న డీజిల్ చుక్కలుగా మారి ఆగే క్షణంలో ఫ్లైవీల్ మీద ఎన్ని డిగ్రీలు ఉందో అదే ఇంజెక్షన్ మొదలయ్యే చోటు. పుస్తకంలో అంకెతో తేడా ఉంటే పంపు ఫ్లాంజ్ గాడిలో కొద్దిగా తిప్పి బిగిస్తారు. రోటరీ పంపుకి దాని గుర్తుల పద్ధతి వేరు. గేరు ఒక పన్ను తప్పితే క్రాంక్ మీద 10 డిగ్రీలకు పైనే మారుతుంది, బండి స్టార్ట్ కావడమే కష్టం. అందుకే "కొంచెం లాగడం తగ్గింది" అన్న చోట పన్ను కాదు, గాడి చూడాలి. ఇది ఇంట్లో చేసుకునే పని కాదు, కానీ తెలిస్తే ఎదురుగా నిలబడి అడగొచ్చు.

ఇక్కడే చెప్పాలి, పంపు మీద ఒక స్క్రూకి సీసపు సీలు ఉంటుంది. డీజిల్ గరిష్ఠంగా ఎంత పడాలో దానితో కడతారు. "కొంచెం తిప్పితే బాగా లాగుతుంది" అని చెప్పేవాళ్ళుంటారు. తిప్పితే నాలుగు రోజులు లాగినట్టే ఉంటుంది. గాలి పెరగలేదు, డీజిల్ మాత్రమే పెరిగింది. నల్లపొగ ఇంకా ముదురుతుంది, కాలని డీజిల్ రింగుల పక్కనుంచి కిందికి దిగి ఇంజిన్ ఆయిల్‌ని పలచన చేస్తుంది, వేడికి పిస్టన్లు దెబ్బతింటాయి. సీలు తెగి ఉన్న పంపు కనబడితే పాత బండి కొనేటప్పుడు ఆ మాట ముందే అడగండి.

ఒక ఉదాహరణ, అంకెలతో

చీపురుపల్లి వైపు మెట్టపొలం, మే నెల, ఎర్రనేల. 42 హెచ్‌పీ బండి, 6 అడుగుల రోటావేటర్. ఖాళీ వేగం 2000. 6 అంగుళాలు దించి లో రెండులో నడిపితే ముల్లు 1400, పొగ ఆగకుండా నల్లగా. పీటీవో 540 తిరగడానికి ఈ ఇంజిన్‌కి 1800 కావాలనుకుంటే, 1400 దగ్గర అది 420 మాత్రమే తిరుగుతోంది. గడ్డలు మిగలడం అందుకే.

లోతు 4 అంగుళాలకు తగ్గించారు, ముల్లు 1550. గేర్ లో ఒకటికి దించారు, 1700. పొగ నలుపు నుంచి బూడిద రంగుకి వచ్చింది, కానీ పోలేదు. ఇప్పుడు ఇంజిన్ ఆపి గాలి చూశారు. గిన్నెలో ఆయిల్ బురద, జాలీ ఎర్రగా గట్టిపడి ఉంది. కడిగి, కొత్త ఆయిల్ పోసి అదే మడిలో అదే గేర్‌లో నడిపితే 1800, పొగ మరింత పలచన. మిగిలిన కొద్దిపాటి పొగ సాలు పొడవునా ఉంది. నట్లు వదులు చేసి చూస్తే మూడో సిలిండర్ దగ్గర తేడా లేదు. ఇంజెక్టర్ బెంచి మీద పెడితే చుక్క కారింది. నాజిల్ మార్చాక లోడు మీద పొగ కంటికి కనబడకుండా పోయింది. టైమింగ్ ముట్టుకోలేదు.

ఇందులో పెద్ద పేచీ ఇంజెక్టర్‌ది కాదు. 600 ఆర్‌పీఎం పడితే అందులో 300 లోతూ గేరూ తిరిగి ఇచ్చాయి, 100 గాలి ఇచ్చింది. మిగిలిన 200లో ఆ లోతులో ఇంజిన్‌కి సహజంగా పడే తగ్గుదలే ఎక్కువ. మొదటి రోజే పంపు షాపుకి పంపి ఉంటే, తిరిగొచ్చిన పంపుతో అదే 6 అంగుళాల లోతులో అదే పొగ వచ్చేది. అప్పుడు పంపు మళ్ళీ విప్పించేవారు.

షాపుకి పంపాల్సి వస్తే ఈ అంకెలన్నీ ఒక కాగితం మీద రాసి ఇవ్వండి: ఖాళీ వేగం, లోడు వేగం, లోతు, గేర్, ఫిల్టర్ ఎప్పుడు మార్చారు, పంపు ఎప్పుడైనా విప్పారా. బండి తిరిగొచ్చాక అదే మడి అంచున, అదే లోతులో, అదే గేర్‌లో మళ్ళీ ముల్లు చూసి పోల్చుకోండి. లోతూ గేరూ మారితే ఆ పోలిక చెల్లదు.